ఇన్ ద మనీకి చేరిన పుట్ స్ప్రెడ్: ముందే మూసేయాలా, ఎక్స్‌పైరీ దాకా ఉంచాలా? అపోహలు - వాస్తవాలు

ఆప్షన్ స్ప్రెడ్లు అమ్మేవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది నష్టం పరిమాణం కాదు, నష్టం మొదలైన తరువాత ఏం చేయాలన్న సందిగ్ధం. ఆ సమయంలో వినిపించే సలహాలలో కొన్ని సగం మాత్రమే నిజం. వాటిని ఒకే ఉదాహరణతో పరిశీలిద్దాం.

ఒక షేరు 103 దగ్గర ఉన్నప్పుడు, ఎక్స్‌పైరీకి 37 రోజుల ముందు, 100 స్ట్రైక్ పుట్‌ను అమ్మి 95 స్ట్రైక్ పుట్‌ను కొన్నామనుకుందాం. వార్షిక వోలటిలిటీ 25 శాతమనుకొని వడ్డీని పక్కన పెడితే, ఈ స్ప్రెడ్‌కు సుమారు 1.30 పాయింట్ల ప్రీమియం వస్తుంది. స్ట్రైకుల మధ్య దూరం 5 కనుక గరిష్ఠ నష్టం 3.70. ఇప్పుడు షేరు 94కు పడిపోయింది, ఎక్స్‌పైరీకి 7 రోజులే మిగిలాయి, స్ప్రెడ్ ధర సుమారు 4.20కి చేరింది. ఈ రోజే మూసేస్తే నష్టం 2.90.

అపోహ: ప్రీమియం అమ్మినవారికి కాలం ఎప్పుడూ అనుకూలమే, కాబట్టి ఓపిక పట్టాలి.

వాస్తవం: ఇది షేరు రెండు స్ట్రైకుల మధ్య బిందువుకు పైన ఉన్నంతవరకు నిజం. స్ప్రెడ్ ఇన్ ద మనీకి, అంటే షేరు ధర స్ట్రైకుల కిందికి, లోతుగా వెళ్లాక కాలం పక్షం మారుస్తుంది. మన ఉదాహరణలో షేరు 94 దగ్గరే ఉండి ఎక్స్‌పైరీకి ఇంకా 30 రోజులు ఉండి ఉంటే, స్ప్రెడ్ ధర సుమారు 3.50 మాత్రమే ఉండేది. 7 రోజులకు వచ్చేసరికి అది 4.20 అయింది, చివరి రోజున 5 అవుతుంది. అంటే షేరు కదలకపోయినా రోజులు గడిచేకొద్దీ అమ్మినవారి నష్టం పెరుగుతుంది. దీనికి కారణం సరళమైనది: సమయం మిగిలి ఉన్నప్పుడు షేరు తిరిగి పైకి లేవగల అవకాశానికి విలువ ఉంటుంది, అది తరిగేకొద్దీ స్ప్రెడ్ ధర పూర్తి వెడల్పు వైపు జరుగుతుంది. ఈ పక్షం మారే చోటు దాదాపుగా రెండు స్ట్రైకుల మధ్య బిందువు, అంటే ఇక్కడ 97.50. ఆ చోట స్ప్రెడ్ ధర సమయంతో సంబంధం లేకుండా దాదాపు 2.50 దగ్గర నిలుస్తుంది. దానికి పైన థీటా, అంటే రోజులు గడిచేకొద్దీ ధరలో వచ్చే మార్పు, మీకు అనుకూలంగా పని చేస్తుంది, కింద మీకు వ్యతిరేకంగా పని చేస్తుంది. నా దృష్టిలో సర్దుబాటు గురించి ఆలోచించవలసిన హద్దు ఈ మధ్య బిందువే, దాన్ని దాటిన తరువాత ఎంపికలు వేగంగా తగ్గిపోతాయి.

అపోహ: రోల్ చేస్తే స్ప్రెడ్ బాగుపడుతుంది.

వాస్తవం: రోల్ చేయడమంటే పాత స్ప్రెడ్‌ను నష్టంతో మూసి కొత్తదాన్ని తెరవడమే, రెండూ ఒకే ఆర్డర్‌లో జరగడం వల్ల నష్టం కనిపించకుండా పోతుంది. పైన చెప్పిన మధ్య బిందువు ఇక్కడ కూడా నిర్ణయాత్మకం. షేరు 97.50కి పైన ఉంటే అవే స్ట్రైకుల్లో దూరపు ఎక్స్‌పైరీ స్ప్రెడ్‌కు ఎక్కువ ధర ఉంటుంది కనుక రోల్ చేసినందుకు ప్రీమియం అందుతుంది. కింద ఉంటే తక్కువ ధర ఉంటుంది కనుక చేతినుంచి చెల్లించాలి. మన ఉదాహరణలో 4.20కి కొని, 30 రోజుల తరువాతి స్ప్రెడ్‌ను 3.50కి అమ్మితే 0.70 ఖర్చవుతుంది. మొదట వచ్చిన 1.30లో 0.60 మిగులుతుంది, గరిష్ఠ నష్టం 3.70 నుంచి 4.40కి పెరుగుతుంది.

ఖర్చు లేకుండా రోల్ చేయాలన్న పట్టుదలతో కొందరు స్ట్రైకులను 95, 90లకు దింపి, సంఖ్యను రెట్టింపు చేస్తారు. అటువంటి స్ప్రెడ్ ఒక్కొక్కటి సుమారు 2.10 ధరకు అమ్ముడవుతుంది కనుక రెండు అమ్మితే 4.20 వస్తుంది, చేతినుంచి పైసా వేయనట్టే కనిపిస్తుంది. కాని ఇప్పుడు వెడల్పు మొత్తం 10, చేతిలో ఉన్న నికర ప్రీమియం 1.30, అంటే గరిష్ఠ నష్టం 8.70. మొదటి స్ప్రెడ్‌లో ఒప్పుకున్న నష్టానికి ఇది రెండు రెట్లకు మించినది. షేరు మీద కొత్తగా నమ్మకం కుదిరి చేస్తే అది వ్యాపారం. నష్టాన్ని నమోదు చేయకుండా ఉండటానికి చేస్తే అది ప్రమాదం, దీన్ని నేను ఎవరికీ సూచించను.

అపోహ: గరిష్ఠ నష్టం ముందే తెలుసు, దాదాపు అంతా పోయింది, కనుక చివరిదాకా ఉంచితే పోయేదేమీ లేదు.

వాస్తవం: ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి. మొదటిది లెక్కకు సంబంధించినది. ఇప్పుడు 4.20కి మూయకపోతే అదనంగా పోగలిగేది 0.80, తిరిగి రాగలిగేది 4.20 వరకు. ఈ నిష్పత్తి ఆకర్షణీయంగా కనిపించినా, అది తక్కువ సంభావ్యతకు మార్కెట్ కట్టిన ధర మాత్రమే. ఉంచడం మూయడం కంటే మెరుగు కావాలంటే ఎక్స్‌పైరీ నాడు షేరు 95.80కి పైన ముగియాలి, అంటే ఏడు రోజుల్లో దాదాపు 2 శాతం పెరగాలి. ఈ స్ప్రెడ్ నా దగ్గర లేకపోతే ఈ రోజు 4.20కి కొత్తగా అమ్ముతానా అని ప్రశ్నించుకోవడం మంచి పరీక్ష. లేదన్న జవాబు వస్తే మూసేయడమే సరైనది.

రెండవది ఇంకా ముఖ్యం. గరిష్ఠ నష్టం 3.70 అన్న మాట రెండు కాళ్లూ, అంటే అమ్మిన పుట్, కొన్న పుట్, కలిసి ముగిసినప్పుడే నిజం. షేరు 97 దగ్గర ఎక్స్‌పైరీ అయిందనుకోండి. సెటిల్‌మెంట్ షేర్లతో జరిగే కాంట్రాక్టులలో 100 పుట్ అసైన్ అయి, అంటే దాన్ని కొన్నవారు తమ హక్కు వాడుకొని, షేర్లు 100 చొప్పున మీ ఖాతాలోకి వస్తాయి, 95 పుట్ మాత్రం విలువ లేకుండా అంతరిస్తుంది. ఒక్కో కాంట్రాక్టుకు 100 షేర్లయితే 10,000 విలువైన షేర్లకు డబ్బు చూపాలి, పైగా రక్షణ లేదు. మరుసటి ట్రేడింగ్ రోజు షేరు 90 దగ్గర తెరుచుకుంటే 1.30 తీసివేసినా నష్టం 8.70. ఓపికకు ఫలితం దక్కే పరిధిలో ఎక్కువ భాగం, అంటే 95.80 నుంచి 100 వరకు, ఈ ప్రమాదం ఉన్న పరిధే కావడం గమనించాలి. అందువల్ల షేర్ల సెటిల్‌మెంట్ ఉంటే ఉంచాలనుకున్నవారు కూడా ఎక్స్‌పైరీ రోజు ట్రేడింగ్ ముగిసేలోగా స్ప్రెడ్‌ను మూయాలి. నగదుతో సెటిలయ్యే, ముందుగా ఎక్సర్‌సైజ్ చేయడానికి వీలులేని ఇండెక్స్ ఆప్షన్లలో ఈ ప్రమాదం లేదు, అక్కడ లెక్క మాత్రమే మిగులుతుంది.

అపోహ: ముందస్తు అసైన్‌మెంట్ వస్తే అంతా మునిగినట్టే.

వాస్తవం: ముందుగా ఎక్సర్‌సైజ్ చేయడానికి వీలున్న ఆప్షన్లలో, 100 పుట్ ధరలో సమయ విలువ దాదాపు సున్నా అయినప్పుడు, అంటే షేరు 94 ఉండగా పుట్ 6.02 దగ్గర ట్రేడవుతున్నప్పుడు, అసైన్‌మెంట్ రావచ్చు. అయితే 95 పుట్ ఇంకా సజీవంగా ఉన్నంతవరకు నష్టం అదుపులోనే ఉంటుంది, ఇబ్బంది మార్జిన్‌కు మాత్రమే. కాల్ స్ప్రెడ్లలో మాత్రం ఎక్స్ డివిడెండ్ తేదీకి ముందురోజు జాగ్రత్త అవసరం. అమ్మిన కాల్‌లో మిగిలిన సమయ విలువ కంటే డివిడెండ్ ఎక్కువైతే ఎక్సర్‌సైజ్ అయ్యే అవకాశం బలంగా ఉంటుంది, ఆ డివిడెండ్ మీరు చెల్లించవలసి వచ్చి గరిష్ఠ నష్టం దాటవచ్చు.

ఇక మూయాలని నిర్ణయించుకున్నాక, రెండు కాళ్లనూ విడివిడిగా కాక ఒకే స్ప్రెడ్ ఆర్డర్‌గా, లిమిట్ ధరతో పెట్టండి. లోతుగా ఇన్ ద మనీలో ఉన్న ఆప్షన్లలో కొనుగోలు, అమ్మకం ధరల మధ్య తేడా ఎక్కువ. తెరపై 5.20 లాంటి అమ్మకం ధర కనిపించడం కూడా మామూలే. 5కి మించి ఎప్పుడూ చెల్లించకూడదు, మధ్య ధర నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి జరపండి.