హోంవర్కును పసిగట్టే సాధనానికి తెలిసేదెంత?

"నేను సొంతంగా రాసిన వ్యాసాన్ని కృత్రిమ మేధ రాసిందని సాఫ్ట్‌వేర్ చెబితే నేనేం చేయాలి?" అని మీలో ఒకరు ముందుగానే చీటీ పంపారు. నా ప్రసంగమంతా ఆ చీటీకి జవాబే.

నకలును పట్టే పాత సాఫ్ట్‌వేర్ మీ వాక్యాన్ని, అదే వాక్యం ఉన్న మూలాన్ని పక్కపక్కనే చూపుతుంది కనుక ఉపాధ్యాయుడు రెండింటినీ తన కళ్లతో పోల్చుకోగలడు. కృత్రిమ మేధను పసిగట్టే సాధనానికి చూపడానికి అలాంటి మూలం ఉండదు. ఇలాంటి సాధనాల్లో చాలావరకు, ఒక పదం తర్వాత ఏ పదం వస్తుందో ఎంత తేలికగా ఊహించవచ్చునన్నదాన్ని లెక్కిస్తాయి. "సూర్యుడు తూర్పున" అనగానే మీరంతా "ఉదయిస్తాడు" అంటారు. "తడబడ్డాడు" అని ఎవరూ అనరు. వ్యాసమంతా "ఉదయిస్తాడు" వంటి పదాలతోనే నడిస్తే సాధనం అనుమానిస్తుంది. అయితే పరిమితమైన పదాలతో పరభాషలో రాసేవారి రాత కూడా అలాగే నడుస్తుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు సాధనాలకు ఇచ్చి చూస్తే, సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని తేల్చాయి. గైడులోని వాక్యాలు కంఠతా పట్టించి ఇంగ్లీషు వ్యాసాలు రాయించే మన బోధనా పద్ధతి ఈ చిక్కును పెంచేదే తప్ప తగ్గించేది కాదు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక సాధనాన్ని విడుదల చేసి, అది యంత్రం రాసినవాటిలో నూటికి 26 పట్టుకుంటుందని, మనుషులు రాసినవాటిలో నూటికి 9 పొరపాటున పట్టుకుంటుందని తానే ప్రకటించింది. ఒక పాఠశాలలో 200 వ్యాసాలు వచ్చాయని, వాటిలో 20 మాత్రమే యంత్రం రాసినవని అనుకుందాం. ఆ 20లో సుమారు 5 దొరుకుతాయి. పిల్లలు సొంతంగా రాసిన 180లో సుమారు 16 దొరుకుతాయి. అంటే అనుమానితులు 21 మంది అయితే, వారిలో 16 మంది ఏ తప్పూ చేయనివారు. అదే పాఠశాలలో సగం మంది యంత్రంతో రాయించి ఉంటే, 26 మంది దోషులతో పాటు 9 మంది నిర్దోషులు దొరికేవారు. సాధనం మారలేదు, తెర మీద పడే గుర్తూ మారలేదు, దాని అర్థం మాత్రం తలకిందులైంది; మీ తరగతిలో ఎందరు రాయించుకున్నారో సాధనానికి తెలియదు కదా! తక్కువ కచ్చితత్వం కారణంగా ఆ సంస్థ 2023 జులైలో దాన్ని ఉపసంహరించుకుంది. తప్పులు తక్కువ చేసే సాధనం వచ్చినా లెక్క చేసే తీరు ఇదే.

కాబట్టి గుర్తు పడిందంటే, ఆ వ్యాసాన్ని మరోసారి చూడవలసి ఉందని మాత్రమే అర్థం. చీటీ రాసిన విద్యార్థి కొట్టివేతలున్న చిత్తుప్రతిని, గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే అందులోని మార్పుల చరిత్రను చూపవచ్చు. వ్యాసం రెండు సాయంత్రాల్లో కొంచెం కొంచెంగా పెరిగిందో, ఒకేసారి అతికించినదో అక్కడ కనబడుతుంది. అయితే ఫోనులో చూస్తూ అక్షరం అక్షరం టైపు చేసినా ఆ చరిత్ర అలాగే పెరుగుతుంది కనుక, నేనైతే రాసినవారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మూడో పేరాలో ఆ ఉదాహరణనే ఎందుకు తీసుకున్నావని అడుగుతాను.