తొలి కాన్పు: ఆ ఒక్క కాగితంలో ఏం రాయాలి

తొలి కాన్పుకు వెళ్లేవాళ్లు చాలామంది, కాన్పులో తమకు ఏం కావాలో చెప్పే కాగితం మీద నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ “కావాలి” అనో “వద్దు” అనో రాసి ఊరుకుంటారు. లేబర్ రూమ్‌లో ఆ ఒక్క ముక్క చాలదు. ఎప్పుడు కావాలో, అప్పటికి కుదరకపోతే ఏం చేయాలో కూడా ఉంటేనే డ్యూటీలో ఉన్న డాక్టరుకు, నర్సుకు అది ఉపయోగపడుతుంది.

36వ వారం చెకప్‌లో డాక్టరును ముందుగా ఇది అడగండి: రాత్రిపూట మత్తు డాక్టరు ఆస్పత్రిలోనే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? ఎపిడ్యూరల్ అంటే నడుము దగ్గర వెన్నుపూసల మధ్య నుంచి సన్నని గొట్టం పెట్టి మందు ఎక్కించడం. మందు వేశాక నొప్పి తగ్గడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. డాక్టరు ఇంటి నుంచి రావడానికి 40 నిమిషాలైతే, గొట్టం పెట్టే సమయం కూడా కలిపి, మీరు అడిగిన గంట దాటాకే ఉపశమనం. అందుకే ఇలా రాయండి: “నేను అడగ్గానే మత్తు డాక్టరుకు కబురు పెట్టండి. ఈలోగా గ్యాస్ ఉంటే ఇవ్వండి, నడవనివ్వండి, నడుము రుద్దనివ్వండి.” గ్యాస్ అంటే సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. అది పనిచేయడానికి అర నిమిషం కావాలి కనుక నొప్పి మొదలవుతుండగానే పీల్చాలి. నొప్పి ముదిరాక పీలిస్తే ఆ నొప్పికి అందదు.

ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నా, రక్తం పలుచనయ్యే మందులు వాడుతున్నా ఎపిడ్యూరల్ ఇవ్వకపోవచ్చు. ఎపిడ్యూరల్‌తో బీపీ పడిపోవచ్చు, బిడ్డను బయటికి నెట్టే దశ కాస్త సాగవచ్చు. సిజేరియన్ అవకాశం మాత్రం పెరగదు. ఒక పక్కే తిమ్మిరెక్కి రెండో పక్క నొప్పి ఉంటే ఓర్చుకోకండి, వెంటనే చెప్పండి. గొట్టాన్ని సరిచేయవచ్చు, అవసరమైతే మళ్లీ పెట్టవచ్చు.

ప్రభుత్వ ఆస్పత్రిలో తోడుగా ఎక్కువగా ఆడవాళ్లనే లోపలికి రానిస్తారు. కాబట్టి భర్త పేరుతో పాటు అమ్మదో అక్కదో రెండో పేరూ రాయాలి. బాధ చూడలేక “ఆపరేషన్ చేసేయండి” అని డాక్టరు మీద పడేవాళ్లు తోడుకు తగరు. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక, అది పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పులో 12 గంటల వరకూ పట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. తల్లీబిడ్డా బాగుంటే, నెమ్మదిగా సాగుతోందన్న ఒక్క కారణంతో సిజేరియన్ అక్కర్లేదు. తోడుండే మనిషికి ఈ సంగతి ముందే తెలియాలి.

ఇక కాగితం రెండో సగం. 6 సెంటీమీటర్ల దగ్గర బిడ్డ గుండె వేగం పడిపోయి, తల్లిని పక్కకు తిప్పినా కోలుకోలేదనుకోండి. అప్పుడు సిజేరియన్ తప్పదు. ఎపిడ్యూరల్ గొట్టం అప్పటికే బాగా పనిచేస్తుంటే అందులోనే గాఢమైన మందు ఎక్కించి ఆపరేషన్ చేయవచ్చు. అంత వ్యవధి లేకపోతే పూర్తి మత్తు ఇస్తారు, తోడును బయటే ఉండమంటారు. దానికీ మాట రాసి ఉంచండి: “బిడ్డ బాగుంటే బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగండి. నాకు స్పృహ ఉంటే బిడ్డను నా ఛాతీ మీద పెట్టండి, లేకపోతే నాతో వచ్చినవాళ్ల ఛాతీ మీద పెట్టండి. నాకు మెలకువ రాగానే పాలు పట్టడానికి సాయం చేయండి.”