రంపపు పొట్టులో పోయిన కరెంటు

మా డాబా మీద సోలార్ ప్యానెళ్లు బిగిస్తుంటే పక్కింటి బాబాయి గారు వచ్చి చూసి, "వీటిని చెయ్యడానికి పట్టిన కరెంటు ఇవి జన్మలో తిరిగి ఇవ్వవటరా, వాట్సాప్‌లో వచ్చింది" అన్నారు. నవ్వేసి ఊరుకుందామనుకున్నాను. కానీ ఆ మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు.

ప్యానెల్‌లో కరెంటు మింగేది ముఖ్యంగా సిలికాన్. పలుగురాయిని బొగ్గుతో కలిపి కొలిమిలో కాలిస్తే వచ్చే సిలికాన్ నేరుగా ప్యానెల్‌కి పనికిరాదు, అందులో మలినాలు ఎక్కువ. దాన్ని ట్రైక్లోరోసిలేన్ అనే ద్రవంగా మార్చి, సారా కాచినట్టు ఆవిరి చేసి చల్లార్చి శుద్ధి చేస్తారు. తర్వాత ఆ ఆవిరిని సుమారు 1100 డిగ్రీల దగ్గర ఎర్రగా కాగే సన్నని కడ్డీల మీదికి వదిలితే, సిలికాన్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఇది రోజుల తరబడి సాగుతుంది. కడ్డీలు అంత వేడిగా ఉండాలి, చుట్టూ ఉన్న గోడలేమో చల్లగా ఉండాలి. వేడంతా ఆ గోడలకే పోతుంది!

ఇలా పేరుకున్న సిలికాన్‌ని కరిగించి దిమ్మగా పోస్తారు. ఇంత ఖరీదైన దిమ్మని తర్వాత ఏం చేస్తారు? కోత మిల్లులో టేకు దుంగని కోసినట్టు పలకలుగా కోస్తారు. కోత మిల్లు చూసినవాళ్లకి తెలుసు, రంపం ఎంత మందమో అంత కలప పొట్టయిపోతుంది. పలక ఎంత పల్చన కావాలంటే, పొట్టు వాటా అంత పెరుగుతుంది. ఒకప్పుడు పలకలూ మందమే, పొట్టూ ఎక్కువే. ఇప్పుడు వజ్రపు రజను అద్దిన, వెంట్రుకంత సన్నని తీగతో కోస్తున్నారు. పలకలూ మునుపటికంటే బాగా పల్చబడ్డాయి.

ఫలితం అంకెల్లో చూడండి. 2004 ప్రాంతంలో ఒక వాట్‌కి సుమారు 16 గ్రాముల సిలికాన్ పట్టేది. ఇప్పుడు రెండున్నర అనుకుందాం. 550 వాట్ల ప్యానెల్‌కి అప్పట్లో దాదాపు 9 కిలోలు, ఇప్పుడు కిలోన్నర లోపే. శుద్ధికి అప్పట్లో కిలోకి వంద యూనిట్ల పైనే అయ్యేది, ఇప్పుడు 60 దాకా. అంటే శుద్ధి ఒక్కదానికే అప్పుడు 900 యూనిట్లు, ఇప్పుడు 85. మన ఎండకి ఈ ప్యానెల్ రోజుకి రెండు యూనిట్ల పైచిలుకు, ఏడాదికి 800 ఇస్తుంది. ఒక్క శుద్ధి బాకీ తీర్చడానికే అప్పట్లో ఏడాది దాటేది, ఇప్పుడు నలభై రోజులు.

దిమ్మ పోత, గాజు, అల్యూమినియం ఫ్రేమ్ అన్నీ కలిపినా మన దగ్గర ఆరు నెలల నుంచి ఏడాదిలో లెక్క తేలిపోతుంది. నీడ పడితే, దుమ్ము తుడవకపోతే ఇంకాస్త ఆలస్యం.

వాట్సాప్ లెక్కల్లో ఇంకో తిరకాసు ఉంది. ఒక యూనిట్ కరెంటు కోసం బొగ్గు కేంద్రంలో దాదాపు మూడు యూనిట్ల వేడి ఖర్చవుతుంది. తయారీ ఖర్చుని బొగ్గు వేడిలో, ప్యానెల్ ఇచ్చేదాన్ని కరెంటులో కొలిస్తే గడువు ఒక్కసారిగా మూడింతలవుతుంది. బాబాయి గారికి వచ్చిన మెసేజ్ అడిగి తెప్పించుకుని చూశాను. అందులో సరిగ్గా ఆ పనే చేశారు.