నక్షత్ర చేపల్ని ఏరి పారేస్తే...

డిగ్రీలో జువాలజీ చదువుతున్న ఒకమ్మాయి అడిగింది: "పరీక్షలో కీలక జాతి, అంటే అది పోతే మిగతా జాతులన్నీ తారుమారయ్యే జాతి గురించి అడిగితే పెయిన్ ప్రయోగం రాశాను సార్, నక్షత్ర చేపల్ని తీసేస్తే 15 జాతులు 8కి తగ్గాయని కూడా రాశాను. అయినా 'సాక్ష్యాన్ని తూచలేదు' అన్నారు. ఇంకేం తూచాలి?"

మన గైడ్లు ఆ రెండు అంకెల దగ్గరే ఆగిపోతాయి. అసలు విషయం రాతి మీద జరుగుతుంది.

1963లో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని వాషింగ్టన్ తీరంలో సుమారు 8 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తు ఉన్న రాతి భాగాన్ని ఎంచుకుని, అందులోని పిసాస్టర్ నక్షత్ర చేపల్ని పీకి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చాడు. పక్క భాగాన్ని ముట్టుకోలేదు. పిసాస్టర్ తిండి తినే పద్ధతి విచిత్రం. చేతులతో ఆల్చిప్పను పట్టి లాగి, కాస్త సందు దొరికితే చాలు, తన పొట్టనే లోపలికి దూర్చి అక్కడే అరిగించుకుంటుంది. దానికి బాగా ఇష్టమైనది మస్సెల్ అనే ఆల్చిప్ప. రాతి మీద చోటంటే జనరల్ బోగీలో సీటు లాంటిది, మస్సెల్ ఒకసారి కూర్చుందంటే లేవదు. పిసాస్టర్ పోయాక ముందు రాతికి అతుక్కుని బతికే బార్నకిల్స్ వచ్చాయి, తర్వాత మస్సెల్స్ వాటిని నెట్టేసి కిందకి పాకాయి. నాచుకీ, కైటాన్లు అనే పెంకు జీవులకీ చోటు లేకుండా పోయి, 15 జాతులు 8 అయ్యాయి.

ఇక తూకం. తీసేసిన భాగం ఒక్కటే. పక్క భాగంతో తేడా యాదృచ్ఛికం కావచ్చు కదా? కావచ్చు. కానీ మార్పు వచ్చిన వరుస, కారణంగా చెప్పిన దానితో సరిపోయింది. పైగా పెయిన్ న్యూజిలాండ్‌లో వేరే నక్షత్ర చేపను తీసేసినా మస్సెల్సే పెరిగాయి. ఒక్క ప్లాటుకి బలం అక్కడ వచ్చింది.

బ్రూస్ మెంజ్ బృందం ఒరెగాన్ తీరంలో చూస్తే, అలలు బలంగా కొట్టే చోట పిసాస్టర్ ప్రభావం గట్టిగా ఉంది, అలలు తక్కువున్న చోట బలహీనంగా ఉంది. అంటే కీలక జాతి అన్న హోదా జంతువుకి శాశ్వతంగా రాదు, చోటుని బట్టి వస్తుంది. పిసాస్టర్ ఎక్కడైనా కీలకమే అని రాస్తే మార్కులు పోవడం న్యాయమే.

ఏం లెక్కపెట్టారన్నది కూడా చూడాలి. 15, 8 అన్నవి కంటికి కనిపించే పెద్ద జీవుల లెక్క. మస్సెల్ గుత్తుల సందుల్లో బతికే పురుగులు, చిన్న పీతలు అందులో లేవు.

ఇంకో తకరారు: దీన్ని ట్రోఫిక్ కాస్కేడ్‌కి ఉదాహరణగా రాసేస్తారు. కాస్కేడ్‌లో వేటాడే జంతువు శాకాహారిని తగ్గిస్తే మొక్కలు పెరుగుతాయి, సముద్రపు ఓటర్ అర్చిన్లని తినేస్తే కెల్ప్ అనే పెద్ద నాచు పెరిగినట్టు. మస్సెల్ నాచుని మేయలేదు, నీటిని వడకట్టుకుని తింటుంది. నాచుకి పోయింది జాగా. తోడేళ్లు తిరిగొచ్చి దుప్పుల్ని తగ్గిస్తే చెట్లు పెరిగాయని చెప్పే అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు కథనైతే మరీ జాగ్రత్తగా వాడాలి. 1995లో తోడేళ్లని వదిలినప్పుడు, పోల్చి చూడ్డానికి తోడేళ్లు లేని రెండో ఎల్లోస్టోన్ ఎవరి దగ్గరా లేదు.