రెండు వేల వరుసల పట్టిక నుంచి ఏడు వరుసల స్లైడు: అపోహలు - వాస్తవాలు

నలుగురికీ స్లైడులు తయారు చేసి పెట్టడం నా పని. ఎక్సెల్ ఫైలు ఒకటి పంపి, "ఇందులోంచి ముఖ్యమైనవి నాలుగు వరుసలు తీసి పెట్టండి, మన నంబరు ఒకటి హైలైట్ చేయండి, అంతే" అంటారు. ఆ "అంతే" దగ్గరే ఉంది అసలు సంగతి. గడికి రంగు పూయడానికి పది సెకన్లు చాలు. ఏ వరుసలు ఉంచాలి, ఏ గడికి రంగు పడాలి అని తేల్చడానికి మాత్రం ఒక పూట పడుతుంది.

ఒకే ఉదాహరణ పట్టుకుని చెబుతాను. రాష్ట్రం విడిపోకముందు, ఆడవాళ్ల చదువు మీద పనిచేసే ఒక సంస్థకు ఒక స్లైడు చేసిచ్చాను. వాళ్ల దగ్గరున్నది 2011 జనగణన ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ ఫైలు. అందులో దేశం, 35 రాష్ట్రాలు - కేంద్రపాలిత ప్రాంతాలు, 640 జిల్లాలు, మళ్లీ ఒక్కోదానికి Total, Rural, Urban అని మూడేసి వరుసలు. లెక్కేస్తే రెండు వేలు దాటుతాయి. అది కాస్తా చివరికి ఇలా తేలింది (అక్షరాస్యత, శాతంలో):

| | పురుషులు | మహిళలు |
|---|---|---|
| మహారాష్ట్ర | 88 | 76 |
| తమిళనాడు | 87 | 73 |
| కర్ణాటక | 82 | 68 |
| భారతదేశం | 81 | 65 |
| ఒడిశా | 82 | 64 |
| ఛత్తీస్‌గఢ్ | 80 | 60 |
| ఆంధ్రప్రదేశ్ (ఉమ్మడి) | 75 | 59 |

అపోహ: ముఖ్యమైన వరుసలంటే పైనున్న ఐదు, కిందనున్న ఐదు.

అందరికీ ముందు తట్టేది ఇదే, నాకూ అదే తట్టింది. పైన కేరళ, కింద బీహార్, మధ్యలో ఎక్కడో మనం. అలా పెడితే చూసేవాళ్లు కేరళ గురించి, బీహార్ గురించి మాట్లాడుకుంటారు, మన సంగతి ఎవరికీ పట్టదు. పైగా ఆ రెండు కొసలూ అందరికీ ముందే తెలిసినవి.

వరుసలు ఏరే ముందు స్లైడు మీద ఉండబోయే వాక్యం ఒకటి కాగితం మీద రాసుకోవాలి. మా వాక్యం: "ఆడవాళ్ల చదువులో మన రాష్ట్రం సరిహద్దు రాష్ట్రాలన్నిటికంటే వెనకబడి ఉంది." ఇది రాసుకున్నాక ఇక ఏరడానికేమీ ఉండదు, వరుసలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి: మన రాష్ట్రం, సరిహద్దులో ఉన్న ఐదు రాష్ట్రాలు, కొలబద్దగా దేశం. ఈ వాక్యానికి కేరళతో పనిలేదు. తమిళనాడు, కర్ణాటక మనకంటే ముందున్నాయంటే ఎవరూ ఆశ్చర్యపోరు కానీ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కూడా ముందున్నాయన్న చోట హాల్లో కదలిక వస్తుంది.

అయితే ఇక్కడే ఇంకో చిక్కు. మనకంటే వెనకున్న బీహార్, రాజస్థాన్ లాంటివి ఈ పట్టికలో లేవు కదా, కావాలనే దాచారా అని ఎవరైనా అడగొచ్చు, అడగాలి కూడా. అందుకే ఏ నియమంతో ఏరామో స్లైడు అడుగున ఒక్క ముక్క రాస్తాను: "సరిహద్దు రాష్ట్రాలు మాత్రమే. పూర్తి పట్టిక చివర్లో." నియమం ఒక వాక్యంలో చెప్పలేకపోతున్నామంటే నచ్చిన వరుసలు ఏరుకున్నామనే లెక్క. (యానాం ఉంది కాబట్టి పుదుచ్చేరి కూడా సరిహద్దేగా అని ఒకాయన నిజంగానే అడిగారు. మేం రాష్ట్రాలనే అన్నాం, కేంద్రపాలిత ప్రాంతం అనలేదు కాబట్టి బతికిపోయాం.)

అపోహ: ఫిల్టర్ పెడితే చాలు, లెక్క దానంతట అదే సరిగ్గా ఉంటుంది.

ఉండదు. ఈ ఫైల్లో Level కాలమ్‌లో STATE ఎంచుకుంటే ప్రతి రాష్ట్రం మూడుసార్లు వస్తుంది. TRU కాలమ్‌లో Total కూడా ఎంచుకోవాలి. తొందరలో అక్కడ Urban మీద నొక్కామా, పట్టణాల శాతాలు వస్తాయి. అవీ చూడ్డానికి నమ్మదగ్గట్టే ఉంటాయి కాబట్టి తప్పు కంటికి తగలదు.

ఇంకో సంగతి, ఈ ఫైల్లో శాతాలు ఉండవు, మనుషుల సంఖ్యలే ఉంటాయి. శాతం మనమే కట్టుకోవాలి. అక్షరాస్యతను ఏడేళ్లు, ఆపైన ఉన్నవాళ్ల మీదే లెక్కిస్తారు కాబట్టి మొత్తం ఆడవాళ్లలోంచి ఏడేళ్ల లోపు పిల్లల్ని తీసేసి భాగించాలి. కాలమ్ పేర్లతో రాస్తే ఇలా:

```
=F_LIT/(TOT_F-F_06)*100
```

మొదటిసారి నేను F_06 తీసేయడం మర్చిపోయాను. శాతాలన్నీ తగ్గాయి, అది పెద్ద విషయం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో చిన్నపిల్లల వాటా మనకంటే ఎక్కువ, అందుకని దాని శాతం మనకంటే ఎక్కువ తగ్గి, ఆంధ్రప్రదేశ్ దానికంటే పైకి ఎక్కి కూర్చుంది. అంటే స్లైడు మీది వాక్యమే అబద్ధం అయిపోయింది. దొరికిందెలాగంటే, దేశం వరుస చూశాను. జనగణన ప్రకటించిన మహిళా అక్షరాస్యత 64.6, నా పట్టికలో 56 దగ్గర ఉంది. అప్పటినుంచి ఏ పట్టిక కత్తిరించినా, జవాబు బయట ముందే ప్రకటించి ఉన్న వరుస ఒకటి తప్పకుండా ఉంచుకుంటున్నాను. అది సరిపోతే మిగతావాటి మీద కాస్త నమ్మకం పెట్టుకోవచ్చు.

దేశం వరుస గురించే ఇంకో మాట. దాన్ని ఫైల్లోంచి తెచ్చుకోవాలి, మిగిలిన వరుసల సగటు కట్టి పెట్టకూడదు. స్లైడులో ఉన్న ఆరు రాష్ట్రాల మహిళా శాతాలకు సగటు కడితే దాదాపు 67 వస్తుంది. అది దేశం సగటు కాదు, జనాభా లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఆ ఆరింటి సగటు కూడా కాదు.

అపోహ: దశాంశాలు తీసేస్తే ఏం పోదు.

చాలామటుకు నిజమే. 59.15 అని రాస్తే వెనక వరుసలో కూర్చున్నాయన .15 దగ్గరే ఆగిపోతాడు. నేనూ తీసేశాను. కానీ తీసే ముందు రెండు చూడాలి. ఒకటి, క్రమం మారుతోందా, రెండు వరుసలు ఒకే అంకె అయిపోతున్నాయా. ఇక్కడ 59.15, 60.24 కాస్తా 59, 60 అయ్యాయి, తేడా నిలిచింది.

రెండోది తీసివేత. తమిళనాడు చూడండి. స్లైడు మీద 87, 73, తేడా 14 అనిపిస్తుంది. అసలు అంకెలు 86.77, 73.44, తేడా 13.33, అంటే 13. పక్కన "తేడా" అని కాలమ్ పెట్టి 13 అని రాస్తే, హాల్లో ఒకరు నోటిలెక్క వేసి "సార్, పద్నాలుగు కదా" అంటారు, ఇక ఆ తర్వాత చెప్పింది ఏదీ ఎక్కదు. అందుకే తేడా కాలమ్ ఉంచాల్సి వస్తే ఒక దశాంశం ఉంచుతాను, తేడా అక్కర్లేకపోతే ఆ కాలమ్‌నే ఎగరగొడతాను. ఇక్కడ ఎగరగొట్టాను.

అపోహ: హైలైట్ చేయాల్సింది మన అంకె.

సంస్థవాళ్లు పంపిన మొదటి వాక్యం వేరు: "మన రాష్ట్రంలో ఆడపిల్లల మీద వివక్ష పొరుగు రాష్ట్రాల కంటే ఎక్కువ." దానికి కూడా 59 ఉన్న గడికే రంగు వేయమన్నారు. పట్టిక మళ్లీ ఒకసారి చూడండి. మన దగ్గర మగవాళ్ల శాతం కూడా ఈ ఏడింటిలో అందరికంటే తక్కువే. ఆడ-మగ తేడా మనకు 16, ఛత్తీస్‌గఢ్‌కు 20, ఒడిశాకు 18. మిగతా మూడింటి కంటే మన తేడా ఎక్కువే కానీ ఈ రెండింటి కంటే తక్కువ, అంటే వివక్ష గురించి వాళ్ల వాక్యం ఈ పట్టికతో నిలబడదు. 59 గడి ఆ వాక్యానికి సాక్ష్యం కాదు, "వెనకబడి ఉంది" అన్న వాక్యానికి మాత్రమే సాక్ష్యం. ఫోన్లో అరగంట వాదన అయ్యాక వాక్యం మార్చారు. పురుషుల కాలమ్ తీసేద్దామని కూడా అన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆ కాలమ్ ఉంటేనే చూసేవాడికి అసలు సంగతి అర్థమవుతుంది, సమస్య ఆడపిల్లలతోనే ఆగలేదని.

రంగు ఒక్క గడికే పడాలి. "పక్కనే 60 కూడా వేద్దాం, పోలిక తెలుస్తుంది" అన్నారు. రెండు గడులు వెలిగితే కన్ను వాటి మధ్య తిరుగుతుంది, ఏది చూడాలో మనం నోటితో చెప్పాల్సి వస్తుంది. పోలిక కావాలంటే వరుసల క్రమం చూసుకుంటుంది: మహిళల కాలమ్‌ను బట్టి పెద్ద నుంచి చిన్నకు పేర్చితే, 59కి సరిగ్గా పైనే 60 ఉంటుంది. అక్షరక్రమంలో వదిలేస్తే ఆంధ్రప్రదేశ్ పైకి, ఛత్తీస్‌గఢ్ మధ్యకి పోయేవి.

అపోహ: దాచిన వరుసలు ఎవరికీ కనపడవు.

ఎక్సెల్‌లో Hide చేసిన వరుసలు కాపీ చేసినప్పుడు వెంట వచ్చేస్తాయి. ఫిల్టర్‌తో పోయినవి రావు, చేత్తో దాచినవి వస్తాయి. కాపీకి ముందు `Alt+;` నొక్కితే కనిపించేవే ఎంపికవుతాయి. పవర్‌పాయింట్‌లో పేస్ట్ చేసేటప్పుడు Embed ఎంచుకుంటే ఇంకా ఘోరం, వర్క్‌బుక్ మొత్తం స్లైడు వెనకాలే ఉంటుంది, రెండుసార్లు క్లిక్ చేస్తే అన్ని షీట్లూ తెరుచుకుంటాయి. జనగణన అయితే పర్లేదు, జీతాల పట్టిక అయితే? 2008లో లేమాన్ బ్రదర్స్ ఆస్తుల్ని బార్‌క్లేస్ కొన్నప్పుడు, ఎక్సెల్‌లో దాచి ఉంచిన వరుసలు పీడీఎఫ్‌గా మార్చేసరికి బయటపడి, వద్దనుకున్న 179 కాంట్రాక్టులు జాబితాలోకి చేరిపోయాయి. కోర్టుదాకా వెళ్లింది వ్యవహారం. నేనైతే ఏడు వరుసలే కదా అని పవర్‌పాయింట్‌లో ఖాళీ పట్టిక పెట్టి చేత్తో టైప్ చేస్తాను, ఇంకొకరితో చదివించి సరిచూస్తాను.

అపోహ: గడి చుట్టూ ఎర్ర డబ్బా గీస్తే సరిపోతుంది.

ఆ డబ్బా పట్టికకు అతుక్కుని ఉండదు. పైన ఒక పేరు రెండు లైన్లయితే వరుస కిందికి జరుగుతుంది, డబ్బా మాత్రం అక్కడే ఉండి ఛత్తీస్‌గఢ్‌ను చుట్టుకుంటుంది. గడికే Shading ఇవ్వాలి, అంకెను బోల్డ్ చేయాలి, ఎందుకంటే పాత ప్రొజెక్టర్లలో లేత పసుపు తెల్లగానే కనిపిస్తుంది, ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లూ హాల్లో ఉంటారు. దానికంటే ముందు Table Design లో Banded Rows టిక్కు తీసేయండి. పవర్‌పాయింట్ తనంతట తానే వరుస విడిచి వరుసకు నీలం పూస్తుంది, ఆ చారల మధ్య మన రంగు కలిసిపోతుంది.

చివరగా చాలామంది అడిగేది: ముందు మామూలు పట్టిక చూపించి, తర్వాత గడి వెలిగేలా యానిమేషన్ పెట్టొచ్చా అని. పవర్‌పాయింట్‌లో పట్టిక మొత్తం ఒకే వస్తువు, ఒక్క గడికి యానిమేషన్ ఎక్కదు. స్లైడును డూప్లికేట్ చేసి, రెండోదాంట్లో మాత్రం గడికి రంగు వేసి, మధ్యలో ఏ ట్రాన్సిషనూ పెట్టకుండా వదిలేయండి. మొదటి స్లైడు మీద జనం తమిళనాడు, మహారాష్ట్ర చదువుకుంటుండగానే బటన్ నొక్కితే, పట్టిక ఎక్కడా కదలదు, 59 మాత్రం వెలుగుతుంది.