అపోహలు - వాస్తవాలు: ఉపరితలం చల్లారితే ప్లేటంతా చల్లారినట్టేనా?

బాలానగర్‌లోని ఒక హీట్ ట్రీట్‌మెంట్ షాపులో పనిచేస్తున్న రోజుల్లో నేను చేసిన ఒక లెక్క పొరపాటును ఆధారంగా చేసుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. పని చూడటానికి చాలా మామూలుది. 100 మిల్లీమీటర్ల మందం, మందంతో పోలిస్తే చాలా ఎక్కువ పొడవు వెడల్పులు ఉన్న 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ ప్లేటును 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఫర్నేసు నుంచి తీసి, 40 డిగ్రీల వద్ద కలియబెడుతున్న ఆయిల్ ట్యాంకులో నిలువుగా వేలాడదీయాలి. మధ్యభాగం 100 డిగ్రీలకు దిగాక బయటికి తీసి మెషినింగ్‌కు పంపాలి. ఎన్ని నిమిషాలు ఉంచాలన్నదే ప్రశ్న.

అపోహ: లోహం వేడిని బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి ప్లేటు మొత్తం ఎప్పుడూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటుంది.

నేనూ అలాగే అనుకుని, మొత్తం ప్లేటుకు ఒకే ఉష్ణోగ్రత ఉంటుందని భావించే లంప్డ్ పద్ధతితో లెక్క వేశాను. సుమారు 10 నిమిషాలు అని వచ్చింది. పది నిమిషాలకు ప్లేటును బయటికి తీయగానే సూపర్‌వైజర్ నూనె తుడిచి, ఉపరితలం మీద థర్మోకపుల్ ఆనించి, "సార్, 103 చూపిస్తోంది, లెక్క సరిపోయింది" అన్నారు. నేనూ సంతోషించాను. అయితే ప్రోబ్‌ను అక్కడే ఉంచడం వల్ల, మూడు నిమిషాలు గడిచేసరికి మీటరు 130 దాటడం ఇద్దరమూ చూశాం. ఆరుబయట, బల్ల మీద ఉన్న ప్లేటు ఉపరితలం తనంతట తాను వేడెక్కుతోందంటే ఆ వేడి లోపలి నుంచే రావాలి.

వేడి ప్లేటు మధ్య నుంచి నూనెలోకి చేరడానికి రెండు అడ్డంకులను దాటాలి. మొదటిది లోహం లోపలి నిరోధం L/k, రెండోది ఉపరితలం దగ్గర నూనె చూపించే నిరోధం 1/h. ఇక్కడ L వేడి లోహంలో ప్రయాణించే దూరం, k లోహపు ఉష్ణవాహకత, h ఉపరితలం నుంచి నూనె ఎంత వేగంగా వేడిని తీసుకుంటుందో చెప్పే ఉష్ణ బదిలీ గుణకం. ఈ రెండింటి నిష్పత్తినే బయోట్ సంఖ్య అంటారు. మన ప్లేటులో సగం మందం L = 0.05 మీటర్లు, ఈ ఉష్ణోగ్రతల సగటు దగ్గర k సుమారు 17 W/m·K, కలియబెడుతున్న నూనెకు h = 500 W/m²·K అని తీసుకుంటే Bi = 1.47 వస్తుంది. అంటే ఇక్కడ లోహమే నూనె కంటే పెద్ద అడ్డంకి. లంప్డ్ పద్ధతి Bi విలువ 0.1 కంటే తక్కువగా ఉన్నప్పుడే నమ్మదగినది.

ఈ సంఖ్య లోహానికి మాత్రమే చెందినది కాదని గమనించాలి. ఇదే ప్లేటును కదలిక లేని గాలిలో వదిలేస్తే, రేడియేషన్‌తో కలిపి h సుమారు 20 అనుకున్నా, Bi 0.06 మాత్రమే అవుతుంది కాబట్టి లంప్డ్ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఇదే మందం ఉన్న రాగి ప్లేటును ఇదే నూనెలో ముంచినా Bi 0.1 లోపే ఉంటుంది. ఇక్కడ k అంటే ఘనపదార్థానిదే. పొరపాటున నూనె k విలువ వేస్తే వచ్చేది నసెల్ట్ సంఖ్య రూపంలో ఉండే మరో రాశి.

బయోట్ సంఖ్య 0.1 దాటింది కాబట్టి ప్లేటు లోపల ఉష్ణోగ్రత చోటును బట్టి, కాలాన్ని బట్టి ఎలా మారుతుందో చెప్పే శ్రేణి పరిష్కారానికి వెళ్లాలి. అందులో మొదటి పదం మాత్రమే ఉంచుకుంటే లెక్క కింది విధంగా ఉంటుంది. ఇందులో Fo కొలతలు లేని కాలాన్ని చూపే ఫూరియర్ సంఖ్య, α లోహపు ఉష్ణ వ్యాపనశీలత, t కాలం, x మధ్యతలం నుంచి దూరం, Ti ప్లేటు తొలి ఉష్ణోగ్రత, T∞ నూనె ఉష్ణోగ్రత, T₀ మధ్యభాగపు ఉష్ణోగ్రత:

```
Bi = hL/k,   Fo = αt/L²
ζ₁ tan ζ₁ = Bi
C₁ = 4 sin ζ₁ / (2ζ₁ + sin 2ζ₁)
θ₀ = (T₀ − T∞)/(Ti − T∞) = C₁ exp(−ζ₁² Fo)
θ(x) = θ₀ cos(ζ₁ x/L)
```

Bi = 1.47 కు ζ₁ = 0.982, C₁ = 1.152. మధ్యభాగం 100 డిగ్రీలకు రావాలంటే θ₀ = 60/260 = 0.231. దీన్నుంచి Fo = 1.67 వస్తుంది. α = 4.2 × 10⁻⁶ m²/s వేస్తే కాలం దాదాపు 992 సెకన్లు, అంటే పదహారున్నర నిమిషాలు. అప్పటికి ఉపరితలం 73 డిగ్రీల దగ్గర ఉంటుంది.

ఇదే సూత్రంలో 10 నిమిషాలు వేసి చూస్తే నా పొరపాటు పూర్తిగా బయటపడుతుంది. మధ్యభాగం 153, ఉపరితలం 103, సగటు 136 డిగ్రీలు వస్తాయి. నేను లెక్కగట్టిన 100 ఉపరితలపు ఉష్ణోగ్రతకు దగ్గరగా రావడం కేవలం యాదృచ్ఛికం. తప్పు లెక్కను తప్పు చోట తీసిన కొలత బలపరిచింది. బయట పెట్టాక మీటరు ఎగబాకింది ఆ సగటు వైపే. అందుకే ఈ పనిలో ప్లేటును తీసిన వెంటనే కాకుండా, రెండు మూడు నిమిషాలు ఆగి కొలిచిన విలువనే నేను ఇప్పుడు రాయిస్తున్నాను.

ఒక చిన్న హెచ్చరిక: ζ₁ రేడియన్లలో ఉంటుంది. కాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉంటే cos విలువ దాదాపు 1 వచ్చి, ఉపరితలం, మధ్యభాగం సమానంగా కనిపిస్తాయి. Bi 1 దాటిన చోట అలాంటి జవాబు వస్తే ముందు మోడ్ చూసుకోవాలి.

అపోహ: ఒక్క పదం సూత్రం ముంచిన క్షణం నుంచీ చెల్లుతుంది.

దీన్ని పరీక్షించడం తేలిక. t = 0 వేస్తే θ₀ = 1.152, అంటే మధ్యభాగం 339 డిగ్రీలకు పైగా ఉందని జవాబు వస్తుంది. 30 సెకన్లకు 325 అంటుంది. ఫర్నేసు నుంచి 300 దగ్గర వచ్చిన ప్లేటు చల్లని నూనెలో అంతకంటే వేడెక్కడం అసాధ్యం. మొదట్లో శ్రేణిలోని రెండో పదం, ఆ తర్వాతి పదాలు కూడా గణనీయంగా ఉంటాయి, వాటిని వదిలేసినందువల్లే ఈ లోపం. రెండో పదానికి ζ₂ = 3.54 కాబట్టి అది ఘాతీయంగా చాలా త్వరగా క్షీణిస్తుంది. Fo = 0.2 దగ్గర, అంటే ఈ ప్లేటుకు రెండు నిమిషాలకు, ఒక్క పదం 287 అంటే రెండు పదాలు 283 అంటాయి. అక్కడి నుంచి తేడా మరింత తగ్గుతూ పోతుంది. కాబట్టి జవాబు వచ్చాక Fo విలువ 0.2 దాటిందా అని వెనక్కి వెళ్లి చూడటం లెక్కలో భాగమే. దాటకపోతే మరిన్ని పదాలు కలపాలి, లేదా ప్లేటును ఒకవైపు అంతులేని మందం ఉన్నదిగా భావించే పద్ధతి వాడాలి.

అపోహ: L అంటే ఎప్పుడూ సగం మందమే.

రెండు ముఖాలూ ఒకే తీరుగా చల్లారినప్పుడు మాత్రమే L సగం మందం అవుతుంది, ఎందుకంటే అప్పుడు మధ్యతలాన్ని దాటి వేడి ఏ వైపుకూ పోదు. ఈ ప్లేటునే ట్యాంకు అడుగున పడుకోబెడితే కింది ముఖానికి కదిలే నూనె తగలదు. ఆ ముఖం నుంచి వేడి అసలు పోదని భావిస్తే, L మొత్తం మందం 0.1 మీటర్లు అవుతుంది, Bi 2.94 కు పెరుగుతుంది. అప్పుడు అన్నిటికంటే వేడిగా ఉండే చోటు మధ్యతలం కాదు, ఆ కింది ముఖమే. అది 100 డిగ్రీలకు దిగడానికి దాదాపు 47 నిమిషాలు పడుతుంది. ప్లేటు అదే, నూనె అదే, మారినది దాన్ని ట్యాంకులో పెట్టిన తీరు మాత్రమే.

h విలువ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే లెక్క మొత్తంలో మనకు తక్కువ నమ్మకం ఉండేది దాని మీదే. నూనె కదలిక మందగించి h 500 నుంచి 400 కు తగ్గితే, వేలాడదీసిన ప్లేటుకు పదహారున్నర నిమిషాలు 19 అవుతాయి. నిరోధంలో పెద్ద వాటా లోహానిదే కాబట్టి h ఐదో వంతు తగ్గినా కాలం సుమారు 15 శాతమే పెరిగింది. లంప్డ్ సూత్రం ప్రకారమైతే అది 25 శాతం పెరిగి ఉండేది.