ఫాంట్ మారిస్తే కళ్లు లాగడం తగ్గుతుందా? కోడింగ్ ఫాంట్లపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో కోడింగ్ నేర్చుకునే పిల్లలకు శిక్షణ ఇస్తుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ వినే మాట ఒకటుంది: "కళ్లు గుంజుతున్నయి సార్, మంచి ఫాంట్ ఏదైనా చెప్పుండ్రి."

అపోహ: కళ్లు లాగుతున్నాయంటే ఫాంట్ మంచిది కాదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇబ్బంది ఫాంట్‌తో కాదు, లైన్ హైట్‌తో, అంటే ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తుతో వస్తోంది. దాన్ని ఎవరూ చూడరు. ఫాంట్ మీద ఫాంట్ మారుస్తూ పోతారు, చివరికి మానిటర్ కొనడానికి అప్పు చేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే.

దేవరకొండ నుంచి వచ్చే ఒక అమ్మాయి ఇలాగే నాలుగు ఫాంట్లు మార్చింది. సాయంత్రానికి తలనొప్పి. ఇంట్లో పెద్ద మానిటర్ కొనిద్దామనుకుంటున్నారు. తన వీఎస్ కోడ్ సెట్టింగ్స్ తెరిస్తే ఇలా ఉంది:

```json
"editor.fontSize": 18,
"editor.lineHeight": 19
```

ఆ 19 ఎక్కడో చూసి కాపీ చేసుకున్నది. ఫాంట్ సైజు 14 ఉన్నప్పుడు దానితో ఇబ్బంది లేదు, ఎందుకంటే విండోస్‌లో ఎడిటర్ తనంతట తాను లెక్కేసుకున్నా 19 పిక్సెళ్లే వస్తుంది. కళ్లు లాగుతున్నాయని సైజు 18 చేసింది. అక్షరం పెరిగింది, లైన్ హైట్ మాత్రం 19 దగ్గరే ఆగిపోయింది. లైను చివరిదాకా చదివిన చూపు వెనక్కి వచ్చి కింది లైను మొదలు పట్టుకోవాలి. అంత ఇరుకులో అది మళ్లీ అదే లైను మీదనో, ఒక లైను దాటో పడుతుంది. రోజంతా ఇలా వెతుక్కుంటుంటే తల నొప్పి పుట్టడంలో వింతేముంది?

ఈ సెట్టింగ్‌లో తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటుంది. 8, అంతకంటే పెద్ద అంకె ఇస్తే వీఎస్ కోడ్ దాన్ని పిక్సెళ్లుగా తీసుకుంటుంది. 8 కంటే చిన్నదిస్తే ఫాంట్ సైజుతో గుణిస్తుంది. సున్నా ఇస్తే తానే లెక్కేసుకుంటుంది. గుణకం ఇచ్చుకుంటే సైజు ఎంత మార్చినా ఎడం దానితోపాటే మారుతుంది. ఆ అమ్మాయికి ఇలా పెట్టించాను:

```json
"editor.fontFamily": "'JetBrains Mono', 'Nirmala UI', monospace",
"editor.fontSize": 16,
"editor.lineHeight": 1.5
```

అంటే లైనుకు 24 పిక్సెళ్లు. ఎడిటర్ భాగం 900 పిక్సెళ్ల ఎత్తు ఉంటే ఇదివరకు 47 లైన్లు కనిపించేవి, ఇప్పుడు 37. పది లైన్లు పోయినా చదవడం తేలికైంది, మానిటర్ మాట మరిచిపోయారు. అలాగని 2 పెట్టకండి. లైన్లు మరీ దూరమైతే ఒక ఫంక్షన్ ఒక ముద్దగా కనిపించదు, బ్రాకెట్లు ఎక్కడివక్కడ విడిపోతాయి. నా అనుభవంలో 1.4 నుంచి 1.6 మధ్య చాలామందికి సరిపోతుంది. ఫాంట్ మార్చినప్పుడు ఇది మళ్లీ చూసుకోండి. జెట్‌బ్రెయిన్స్ మోనోలో చిన్న అక్షరాలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి అదే సైజులో కాస్త ఎక్కువ ఎడం అడుగుతుంది.

సరిపోయిందా లేదా తెలుసుకోవడానికి అండర్‌స్కోర్లు ఎక్కువున్న కోడ్ తెరవండి. అండర్‌స్కోర్ కింది లైను బ్రాకెట్‌ను తాకుతున్నట్టుంటే ఇరుకే. కామెంట్లు తెలుగులో రాసేవాళ్లకు ఇంకా తేలిక: "లక్ష్మి", "రాష్ట్రం" అని రాసి చూడండి. ఎడం చాలకపోతే వత్తులు కింది లైను మీదికి ఒత్తుకుంటాయి. పైన నిర్మలా యూఐ పేరు చేర్చింది కూడా తెలుగు అక్షరాల కోసమే.

అపోహ: లిగేచర్లు ఆన్ చేస్తే కోడ్ మారిపోతుంది, కంపైల్ కాదు.

ఈ పుకారు ఎవరు పుట్టించారో కానీ పిల్లలు నిజంగా భయపడుతున్నారు. లిగేచర్ అంటే పక్కపక్కనున్న గుర్తులను కలిపి ఒకే గుర్తుగా చూపించడం, అంతే; ఫైల్‌లో ఒక్క అక్షరం కూడా మారదు. `!=` తెరమీద ఒకే గుర్తులా కనిపిస్తుంది, ఫైల్‌లో రెండు అక్షరాలుగానే ఉంటుంది. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే మీకే తెలుస్తుంది.

```json
"editor.fontLigatures": true
```

ఇది పెట్టినా ఏమీ మారలేదంటే మీ ఫాంట్‌లో లిగేచర్లు లేవన్నమాట. కన్సోలాస్‌లో లేవు. ఫిరా కోడ్‌లో ఉన్నాయి, ఫిరా మోనోలో లేవు. కాస్కేడియా కోడ్‌లో ఉన్నాయి, కాస్కేడియా మోనోలో లేవు. ఫాంట్ పేరులో ఒక్క ఖాళీ తప్పినా ఎడిటర్ ఏమీ చెప్పకుండా జాబితాలోని తర్వాతి ఫాంట్‌కు వెళ్లిపోతుంది, అదీ చూసుకోండి.

జావాస్క్రిప్ట్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు మాత్రం నేను ఆఫ్ చేయిస్తాను. `!=`, `!==` రెండూ గీతలున్న గుర్తులుగా మారి, తొందరలో ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటారు. రెండింటి తేడా చేతికి అలవాటయ్యాక ఆన్ చేసుకోవచ్చు.

ఇంకా కొన్ని. డబ్బు పెట్టి కొన్న ఫాంటే మంచిదన్నది తప్పు. పైన చెప్పిన జెట్‌బ్రెయిన్స్, ఫిరా, కాస్కేడియా అన్నీ ఉచితమే. అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పుండే మోనోస్పేస్ ఫాంట్ అయితే చాలు, ఏదైనా ఒకటే అన్నదీ తప్పు. `0O 1lI` అని టైప్ చేసి, ఐదూ వేర్వేరుగా కనిపించకపోతే ఆ ఫాంట్ వదిలేయండి.

ఎడం సరిచేసుకున్నాక కూడా అక్షరాలు మసకగానో, రెండుగానో కనిపిస్తుంటే సెట్టింగులతో కుస్తీ ఆపి కంటి డాక్టరుకు చూపించుకోండి. అద్దాల పవర్ మారినప్పుడు ఏ ఫాంటూ దాన్ని సరిచేయలేదు.